మట్టి కింద, మట్టి పైన: నాలుగైదేళ్ల పిల్లల మొలకల పుస్తకం

"నాలుగైదేళ్ల పిల్లల తరగతి నాది. గింజలు మొలకెత్తించి వాళ్లచేత పరిశీలన పుస్తకం పెట్టించాలని, కిటికీ దగ్గర తొట్టిలో మొక్కలు పెంచాలని అనుకుంటున్నాను. ఏ గింజతో, ఎలా మొదలుపెట్టాలి? రాయడం రాని పిల్లలు ఆ పుస్తకంలో ఏం నమోదు చేయగలరు?"

నేను చాలా ఏళ్లుగా ఈ వయసు పిల్లలకే పాఠాలు చెబుతున్నాను కనుక, నా తరగతిలో స్థిరపడిన పద్ధతిని చెబుతాను. ముందు గ్లాసులో గింజ మొలకెత్తించి, ఆ మొలకను తరువాత తొట్టిలోకి మార్చడం చాలామంది పాటించే క్రమం. నేను మాత్రం గ్లాసును, తొట్టిని ఒకే రోజున, ఒకే రకం గింజతో మొదలుపెడతాను. తొట్టిలో నాటిన గింజ వారం పది రోజుల దాకా కనిపించదు. కంటికి కనిపించకపోతే, ఈ వయసు పిల్లల లెక్కలో అక్కడ ఏమీ జరగనట్టే. పక్కనే పారదర్శకమైన గ్లాసులో అదే గింజ ఉంటే, మట్టి కింద ఏం జరుగుతూ ఉంటుందో దాన్ని చూసి ఊహిస్తారు, తరువాత తొట్టిలో మొలక పైకి వచ్చినప్పుడు తమ ఊహను సరిచూసుకుంటారు.

గింజ విషయానికి వస్తే, పొట్టిగా గుబురుగా పెరిగే బీన్స్ రకాన్ని ఎంచుకోండి. తీగ పారే రకానికి కిటికీ తొట్టి చాలదు. బీన్స్ గింజ పెద్దది, చిన్న వేళ్లకు అందుతుంది, పైగా మొలకెత్తేటప్పుడు తన రెండు బద్దలను మట్టిలోంచి పైకి మోసుకొస్తుంది కనుక చూడడానికి చాలా ఉంటుంది. బఠాణీ అయితే బద్దలను మట్టిలోనే వదిలేసి చిగురును మాత్రమే పైకి పంపుతుంది. గులాబీ, నీలం వంటి రంగు పూసిన గింజలు శిలీంధ్రనాశిని పట్టించినవి కావచ్చు, వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు. పచ్చి బీన్స్ గింజలు, ముఖ్యంగా ఎర్రవి, కొన్ని తిన్నా తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. ముక్కులోనూ చెవిలోనూ గింజ పెట్టుకోవడం ఈ వయసులో మామూలే. అందువల్ల గింజలు లెక్కపెట్టి ఇచ్చి, పని అయ్యాక మళ్లీ లెక్క చూడడం నాకు అలవాటు.

గింజలను రాత్రి నానబెట్టి ఉదయం వాడండి. రోజుకు మించి నీళ్లలో ఉంటే గింజకు గాలి అందక కుళ్లడం మొదలవుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసు లోపలి గోడకు ఆనేలా రెండు మూడు పొరల టిష్యూ కాగితం చుట్టి, అది జారకుండా మధ్యలో దూదిని వదులుగా కూరండి. గోడకూ కాగితానికీ మధ్య, సగం ఎత్తులో, మూడు గింజలు దూరదూరంగా పెట్టండి. అడుగున వేలి మందం నీళ్లు పోస్తే చాలు, కాగితం వాటిని తానే పైకి పీల్చుకుంటుంది. నీటి మట్టం గింజను తాకకూడదన్నది ఇందులో ముఖ్యమైన జాగ్రత్త.

మూడు గింజలు ఎందుకంటే, గింజ పక్కన ఉండే చిన్న మచ్చను ఒకదానిలో కిందికి, ఒకదానిలో పైకి, ఒకదానిలో పక్కకు తిప్పి పెడతాను. వేరు ఆ మచ్చ దగ్గరే బయటికి వస్తుంది. గది వెచ్చగా ఉంటే రెండు మూడు రోజుల్లో తెల్లటి మొన కనిపిస్తుంది. మచ్చ పైకి ఉన్న గింజలో ఆ మొన ముందు పైకో పక్కకో వచ్చి, ఆ తరువాత వంగి కిందికి దిగుతుంది. ఒక పిల్లవాడు తన గ్లాసును చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇది తప్పు దారిలో పోయి మళ్లీ వెనక్కి వచ్చింది" అన్నాడు. ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా అతని బొమ్మ కింద రాశాను. వేరు బరువు లాగే దిక్కును గుర్తిస్తుందన్న సంగతికి అంతకన్నా మంచి నమోదు ఈ వయసులో ఉండదు. మీకు వీలైతే, వేళ్లు బాగా దిగిన ఒక గ్లాసును నీళ్లు వంపేసి అడ్డంగా పడుకోబెట్టి, కాగితం తడి ఆరకుండా చూసుకోండి. మరుసటి రోజుకే వేరు కొసలు కొత్త దిక్కుకు వంగి ఉంటాయి.

ఇక పుస్తకం సంగతి. మొక్క దశలు ముందే అచ్చువేసి రంగులు దిద్దించే కాగితాలు వాడవద్దు. జవాబు ముందే చేతికి అందితే పిల్లలు గ్లాసు వైపు చూడరు. నేను తెల్ల కాగితాలను కుట్టి, ప్రతి పేజీ మధ్యలో అడ్డంగా ఒక గోధుమరంగు గీత గీసి ఇస్తాను. ఆ గీత మట్టి. గీత కింద గ్లాసులో కనిపించినది వేస్తారు, గీత పైన తొట్టిలో కనిపించినది వేస్తారు. మొదటి వారమంతా పై సగం ఖాళీగానే ఉంటుంది. పిల్లలు అక్కడ సూర్యుణ్ని, పువ్వును, ఇంటిని వేయాలని చూస్తారు. వద్దని చెప్పను కానీ, అలాంటి బొమ్మలకు పుస్తకం చివర వేరే పేజీలు ఇస్తాను. గ్లాసును చేతికిచ్చి, "పోయినసారి లేనిది ఇప్పుడు ఏముంది?" అన్న ఒక్క ప్రశ్నే అడిగి, ఆ కొత్తదాన్ని ముందు వేయమంటాను. ఆ క్రమంలోనే వేరు పక్కన పుట్టిన సన్నటి పిల్లవేళ్లు, ముడతలు పడి ఊడిపోతున్న గింజ పొట్టు కాగితం మీదికి వస్తాయి. వారానికి మూడుసార్లు వేయిస్తే సరిపోతుంది. రోజూ వేయిస్తే మార్పు తక్కువగా కనిపించి, నిన్నటి బొమ్మనే మళ్లీ దించుతారు. తేదీ ముద్రను పిల్లలే వేస్తారు, వాళ్లు చెప్పిన ఒక వాక్యాన్ని నేను రాస్తాను, మాటను మాత్రం దిద్దను.

తొట్టి కనీసం పదిహేను, వీలైతే ఇరవై సెంటీమీటర్ల లోతు ఉండాలి, అడుగున నీరు పోయే రంధ్రాలు, కింద పళ్లెం ఉండాలి. అరవై సెంటీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు ఉన్న తొట్టిలో దాదాపు ఇరవై లీటర్ల మట్టి పడుతుంది, తడిసిన తరువాత అది పాతిక కిలోల దాకా తూగవచ్చు. అందువల్ల దాన్ని కిటికీ బయట వేలాడదీయకుండా, లోపల పిల్లల నడుము ఎత్తులో గట్టి బల్ల మీద పెట్టడమే మేలు. వట్టి తోట మట్టి తొట్టిలో గట్టిపడిపోతుంది కనుక కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపి వదులుగా ఉంచండి. గింజను మూడు సెంటీమీటర్ల లోతులో, జానెడుకు కాస్త తక్కువ దూరంలో నాటండి. ఐస్‌క్రీం పుల్ల మీద మూడు సెంటీమీటర్ల దగ్గర గీత గీసి ఇస్తే, ఆ గీత దాకా గుచ్చి పిల్లలు తామే గుంట చేస్తారు. గది చల్లగా, పదిహేను డిగ్రీల కంటే తక్కువగా ఉంటే గింజ మొలకెత్తకుండా మట్టిలోనే కుళ్లే అవకాశం ఎక్కువ, అప్పుడు వెచ్చటి రోజుల దాకా ఆగడమే మంచిది.

మొక్క పైకి వచ్చాక ఎత్తు కొలవాలి. స్కేలు మీద సున్నా ఎక్కడుందో చూసి అక్కడి నుంచి లెక్కించడం ఈ వయసుకు కష్టం. నేను రంగు కాగితపు సన్నటి పట్టీని మొక్క పక్కన నిలబెట్టి, కొస చిగురు దాకా కత్తిరించి, పేజీ అడుగున ఒకే గీత మీద వరుసగా అతికిస్తాను. కొన్ని పట్టీలు చేరేసరికి అంకెలు లేని పటం తయారవుతుంది, ఏ రెండు రోజుల మధ్య మొక్క ఎక్కువ ఎదిగిందో పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు.

ఈ పట్టీలతో ఒక చిక్కు కూడా ఉంది, దాన్ని నేను కావాలనే తెప్పిస్తాను. మొలకెత్తిన ఒక గ్లాసును అట్టపెట్టె కింద చీకట్లో ఉంచితే, ఆ మొక్క వెలుగులో ఉన్నదానికంటే పొడవుగా పెరుగుతుంది. గింజలోని ఆహారాన్నంతా వెలుగు వెతుక్కోవడానికి కాండం సాగదీయడంలోనే ఖర్చు పెడుతుంది. పట్టీలు మాత్రమే చూసిన పిల్లలు "చీకటి మొక్కే గెలిచింది" అంటారు. అప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి రంగులతో వేయమంటాను. చీకటి మొక్క కోసం పసుపు రంగు పెన్సిల్ తీయాల్సి వచ్చినప్పుడు, ఆకులు చిన్నగా ముడుచుకుని ఉండడం కనిపించినప్పుడు, నిలబెడితే కాండం వాలిపోయినప్పుడు గెలుపు గురించి వాళ్లలో వాళ్లకే వాదన మొదలవుతుంది. ఆ వాదనలో నేను కల్పించుకోను.

చెడిపోయే సంగతుల్లో మొదటిది నీళ్లు ఎక్కువ కావడం. పిల్లలకు నీళ్లు పోయడం అన్నింటికంటే ఇష్టమైన పని కనుక, తరగతిలో అందరూ తలా కొంచెం పోస్తే మొక్క బతకదు. రోజుకు ఒకరికే ఆ వంతు ఇచ్చి, ముందు వేలు మట్టిలో గుచ్చి చూడమనండి, వేలికి తడి మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు వద్దు. మొలక పచ్చగా ఉండగానే మట్టి దగ్గర కాండం దారంలా సన్నబడి ఒరిగిపోతే, అది తడి ఎక్కువైనప్పుడు పట్టే శిలీంధ్రం పని. అలాంటి మొలక కోలుకోదు, దాన్ని తీసేసి మట్టిని ఆరనివ్వాలి. గ్లాసులో గింజ మెత్తబడి, జిగురుగా, దుర్వాసనతో ఉంటే కుళ్లినట్టే. బూజు పట్టిన గ్లాసును పిల్లల ముఖం దగ్గరికి రానివ్వకుండా పారేయండి. వేరు చుట్టూ కనిపించే మెత్తటి తెల్లటి నూగును మాత్రం బూజుగా పొరబడవద్దు. నూగు వేరు కొసకు కాస్త పైన వేరును అంటుకునే ఉంటుంది, బూజు గింజ మీదా కాగితం మీదా సాలెగూడులా అల్లుకుంటుంది.

ఎవరి గింజయినా మొలకెత్తకపోతే, సాయంత్రం ఎవరూ లేనప్పుడు మొలకెత్తినదానితో మార్చి పెట్టే అలవాటు కొందరికి ఉంది. దయతో చేసే పనే అయినా నేను దానికి ఒప్పుకోను, ఎందుకంటే అప్పుడు ఆ పిల్ల పుస్తకంలో ఉన్నది ఆమె చూసినది కాదు. ఆ గింజను ఆమె ఎదుటే రెండు బద్దలుగా విప్పి, లోపలి చిన్న మొక్క ఎలా ఉందో మంచి గింజలోని దానితో పోల్చి వేయిస్తాను. తరువాత మిగిలిన గింజల్లోంచి కొత్తదాన్ని, కొత్త తేదీతో, కొత్త పేజీలో మొదలుపెడుతుంది.

గ్లాసులోని మొక్క బద్దల ఆహారం మీద సుమారు రెండు మూడు వారాలు నడుస్తుంది, ఆపైన ఆకులు పాలిపోతాయి. తొట్టిలోని మొక్క దాన్ని దాటిపోయేది కూడా ఆ సమయంలోనే. అప్పుడు గ్లాసు పేజీలు ఆపేసి, తొట్టి మొక్కకు వారానికి ఒక పేజీ చొప్పున పువ్వు వచ్చేదాకా కొనసాగించండి. మొక్కలు కిటికీ అద్దం వైపు వంగుతాయి, నీడ పక్కన కాండం ఎక్కువ సాగడం వల్ల అలా జరుగుతుంది. తొట్టి ఒక చివర ఎర్ర స్టిక్కర్ అంటించి వారానికోసారి అటు ఇటు తిప్పితే, ఎర్ర గుర్తు ఏ పక్కన ఉండగా మొక్క ఎటు వంగిందో కూడా పిల్లలు గీసి పెట్టగలరు.