కారు కోట్‌లో ఐడీవీ, హెల్త్ కార్డు మీద టీపీఏ: ఏంటివి?

"మొదటిసారి పాలసీలు తీసుకుంటున్నా. రెండున్నరేళ్ల కారుకి ఒకరు ఐడీవీ 5.6 లక్షలు, ఇంకొకరు 4.8 లక్షలు వేశారు. తక్కువదానికి ప్రీమియం తక్కువ. తీసుకోవచ్చా? హెల్త్ కార్డు మీద టీపీఏ అంటే ఎవరు?"

5.6 లక్షలదే తీసుకోండి. ఐడీవీ అంటే ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ: కారు పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కారు తయారీ కంపెనీ ప్రకటించిన ధరలోంచి బండి వయసును బట్టి తరుగు తీస్తారు. రెండు నుంచి మూడేళ్ల బండికి 30 శాతం. మీది 8 లక్షల మోడల్ అయితే లెక్క 5.6 లక్షలకే వస్తుంది. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఖర్చులు ఇందులో కలవవు.

వానాకాలంలో మన సెల్లార్లు మునగడం తెలిసిందేగా. రిపేరు ఎస్టిమేట్ ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్కకడతారు. ఎస్టిమేట్ 4.3 లక్షలు వచ్చిందనుకోండి, రెండు పాలసీల్లోనూ టోటల్ లాసే. కానీ చేతికి వచ్చేదాంట్లో 80 వేలు తేడా! రెండింట్లోనూ డిడక్టబుల్, అంటే మనమే భరించాల్సిన వాటా, కొంత పోతుంది. అలాగని ఐడీవీ మరీ పెంచమనకండి, దండగ ప్రీమియం.

టీపీఏ అంటే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్. హెల్త్ పాలసీలో ఆసుపత్రికీ బీమా కంపెనీకీ మధ్య కాగితాలు నడిపే సంస్థ. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ క్యాష్‌లెస్ రిక్వెస్ట్ పంపేది దానికే. క్లెయిమ్ ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం బీమా కంపెనీదే. అందుకే టీపీఏ వాళ్లు ఫోన్లో "రాదండీ" అంటే వదిలేయకుండా, కారణంతో సహా కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగండి.