పిక్క పట్టేసిన రోజు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. విజయవాడ అపార్టుమెంటులో ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటూ, కారు పార్కింగ్ గొడవతో రెండేళ్లుగా మాటల్లేని సుబ్బారావు, మస్తాన్ నాకు నచ్చారు. ఇద్దరికీ యాభై దాటాయి, ఇద్దరికీ షుగరు వచ్చింది. సాయంత్రం సెల్లారు పక్క ఖాళీ జాగాలో నెట్ కట్టి షటిల్ మొదలుపెట్టారు. ఇంతవరకూ బాగుంది. కానీ నాలుగో పేజీకల్లా ఇద్దరికీ పొట్టలు తగ్గిపోయాయి, కలిసి టీ కూడా తాగేశారు. అక్కడ నాకు నమ్మకం పోయింది.

ఆ వయసులో ఒళ్లు దారికి రావడానికి ఒక వరస ఉంది. కథను ఆ వరసలోనే నడిపించు.

మొదటి వారం పది నిమిషాలకే ఆయాసం వస్తుంది. మర్నాడు చెయ్యి నొప్పి పుడుతుందని రాశావు. చేతికంటే తొడలే ఎక్కువ పట్టేస్తాయి, నెట్ దగ్గర పడే షటిల్ కోసం ఒక కాలు ముందుకు చాచి వంగుతారు కదా. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమవుతుంది. సుబ్బారావు రెయిలింగ్ పట్టుకుని పక్కవాటంగా దిగుతుంటే, ఎదురుగా మస్తాన్ కూడా అలాగే దిగుతూ కనబడాలి. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు.

వాళ్లకు ఈకల షటిల్ ఇచ్చావు. అది ఐదు గ్రాములుంటుంది, ఆరుబయట చిన్న గాలికే పక్కకు పోతుంది. నైలాన్‌ది ఇవ్వు. దానికీ గాలి బాధ తప్పదు. ఎదురుగాలిలో ఉన్నవాడు ఎంత బలంగా కొట్టినా షటిల్ నెట్ దాటగానే పడిపోతుంది, పావుగంటకు భుజం బరువెక్కుతుంది. రెండో వారంలో ఒకరోజు మస్తాన్ అది గమనించి, "మీరు కాసేపు ఇటు రండి" అనాలి. నువ్వు రాసిన పేజీన్నర క్షమాపణ కంటే ఆ మాట నాకు ఎక్కువ.

ఇంకోటి. మొదట్లోనే పాయింట్లు పెట్టకు. రానివాళ్లు పాయింట్లు ఆడితే సర్వీసు దగ్గరే ఆట ఆగిపోతుంది, ఒంటికి పని పడదు. షటిల్ కింద పడకుండా ఎన్నిసార్లు కొట్టగలరో లెక్కపెట్టమను. ఐదు, ఆరు, ఏడు... ఆయాసంలో అంతకంటే మాట రాదు. రెండేళ్ల తర్వాత వాళ్లు కలిసి పలికే మొదటి మాటలు ఆ అంకెలే అవుతాయి. నెల తిరిగేసరికి లెక్క ఇరవై దగ్గర ఆగాలి.

ఇక అసలు సంగతి. మూడు నాలుగు వారాల్లో ఊపిరి కుదుటపడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు అంత త్వరగా గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని మనిషి పాతికేళ్లవాడిలా దూకుతాడు. నేనూ దూకాను. ఆరో వారంలో, వెనక్కి వెళ్లి ఒక్కసారిగా ముందుకు కాలు తన్నేసరికి పిక్క మీద ఎవరో రాయితో కొట్టినట్టయింది. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

సుబ్బారావునీ అలాగే తిరిగి చూడనీ. వెనక గోడ తప్ప ఏమీ ఉండదు. రెండేళ్లుగా ప్రతిదానికీ ఎవరిని అనుమానించాడో ఆ మనిషి ఎదురుగా ఉన్నాడు, అప్పటికే నెట్ కింద నుంచి వంగి వస్తున్నాడు.

ఇక్కడ నువ్వు మస్తాన్ చేత బామ్ రాసి గట్టిగా మర్దన చేయించావు. అది తీసెయ్. చిరిగిన కండను నలిపితే లోపల రక్తం ఇంకా చేరుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచాలి. బోర్లా పడుకోబెట్టి పిక్కను మెల్లగా నొక్కితే పాదం కదలాలి. కదలకపోతే మడమ పైనుండే పెద్ద స్నాయువు తెగిందని అనుమానించి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కదిలినా మర్నాడు డాక్టరుకు చూపించాల్సిందే. మస్తాన్ నొక్కుతాడు, పాదం కదులుతుంది. అతని మొహంలో తేలికపాటు ఒక్క వాక్యంలో చెప్పు, చాలు.

చిన్న చిరుగే అయినా కొన్ని వారాలు ఆట ఉండదు. ఆ వారాలు దాటెయ్యకు. మొదట కుంటుతూ నడక, తర్వాత గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఆ తర్వాత ఒంటికాలి మీద. నొప్పి లేకుండా అది వచ్చేదాకా పరుగు లేదు. అందుకని తిరిగొచ్చిన మొదటి సాయంత్రం సుబ్బారావు నిలబడ్డచోటి నుంచి కదలకూడదు. షటిల్ ప్రతిసారీ ఆయన రాకెట్ దగ్గరికే వచ్చేలా మస్తాన్ కొట్టాలి. తను మాత్రం రెండు వైపులకీ పరుగెత్తాలి. ఇది స్మాష్ కొట్టడం కంటే చాలా కష్టం, నువ్వు ఒక సాయంత్రం ఆడి చూస్తే తెలుస్తుంది.

లెక్క సుబ్బారావు గొంతుతోనే సాగనీ. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. ఇరవై ఒకటి అనగానే కథ ఆపెయ్. పార్కింగ్ మాట ఎవరూ ఎత్తక్కర్లేదు.

నీ
అన్నయ్య