బోరు నీళ్లకు పదేళ్ల వారంటీ వర్తిస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది మహబూబ్‌నగర్‌లో చిన్న ఇల్లు, నలుగురం ఉంటాం. మేడ మీద వంద లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టించాలనుకుంటున్నాం. వాడేది బోరు నీళ్లే. పేరున్న కంపెనీ డీలరు ఐదేళ్ల వారంటీతో 24 వేలు చెప్పాడు. లోకల్ బ్రాండ్ అమ్మే షాపాయన పదేళ్ల వారంటీతో 19 వేలకే ఇస్తానంటున్నాడు. ఫిట్టింగ్ చేసే మనిషికి మాత్రం విడిగా నగదు ఇవ్వాలట. రెండు వారంటీ కార్డుల ఫొటోలు పంపుతున్నాను. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలి? ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు పంపిన కార్డులను బట్టి చూస్తే ఐదేళ్లదే తీసుకోండి. అదైనా, డబ్బు కట్టేముందు కొన్ని మాటలు కొటేషన్ మీద రాయించుకున్నాకే.

పదేళ్ల కార్డు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏడో షరతు చదవండి. బోరు నీళ్లు వాడితే ట్యాంకుకు వారంటీ వర్తించదని ఉంది. మీ ఇంట్లో వేరే నీళ్లే లేవు కాబట్టి, మీ వరకు ఆ పదేళ్లు మొదటి రోజే అయిపోయినట్టు. ఒకవేళ ఆ షరతు లేదనుకున్నా లెక్క వేసి చూద్దాం. మొదటి రెండేళ్లు ఉచితం, మూడో ఏడు నుంచి ఏడాదికి పది శాతం చొప్పున కొత్త ట్యాంకు ధరలో మీ వాటా అని రాశారు. నాలుగో ఏట ట్యాంకు కారిందనుకోండి. అప్పటి ట్యాంకు ధర 12 వేలైతే 2,400 మీరే కట్టాలి. రవాణా, దించి ఎక్కించే కూలీ కూడా మీవే. ఐదేళ్ల కార్డులో అదే నాలుగో ఏట ట్యాంకు పూర్తిగా ఉచితం. ఆరో ఏట కారితే మాత్రం ఐదేళ్ల కార్డు వల్ల మీకు ఏమీ రాదు, అది కూడా తెలిసే కొనండి.

ఇక ఐదేళ్ల కార్డులోనూ నీటి షరతు ఉంది, కానీ కొలత పెట్టి రాశారు: నీటి కాఠిన్యం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకే కొనేముందు మీ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబ్‌లో అడగండి, లేదా ఏదైనా ప్రైవేటు ల్యాబ్‌కు ఇవ్వండి. షాపువాళ్లు పెన్నులాంటి మీటరు ముంచి చూపించేది టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు. కార్డు అడిగేది కాఠిన్యం, అంటే ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. రెండూ ఒకటి కాదు. రిపోర్టు మీద తేదీ ఉండాలి. రేపు ట్యాంకు కారినప్పుడు కంపెనీ మనిషి వచ్చి లోపల పేరుకున్న తెల్లటి ఉప్పు చూపించి చేతులెత్తేస్తాడు, ఇలాంటి కేసుల్లో తరచూ వినిపించే వాదన అదే. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ కాగితం. కాఠిన్యం 500 దాటితే ఆ కార్డు కూడా మీకు పనికిరాదు. మెత్తబరిచే యంత్రం పెడితే వారంటీ ఇస్తారేమో రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే కొనకండి. ఉప్పు నీళ్లున్న ఇళ్లకు గాజు గొట్టాల రకమే తీసుకోవడం మంచిది, పలకల రకంలో సన్నటి రాగి గొట్టాలు పూడుకుపోతాయి.

కార్డులో ఇంకో లైను చాలామంది చూడరు. ట్యాంకులో మెగ్నీషియం రాడ్డు ఒకటి ఉంటుంది, తుప్పును తాను తిని ట్యాంకును కాపాడుతుంది. దాన్ని ఏడాదికోసారి కంపెనీ సర్వీసు మనిషితోనే మార్పించి బిల్లు ఉంచుకోవాలని మీ కార్డులో ఉంది. బిల్లు లేకపోతే వారంటీ లేదు. కాబట్టి మహబూబ్‌నగర్‌లో వాళ్లకు సర్వీసు మనిషి ఉన్నాడా, హైదరాబాద్ నుంచి రావాలా, రాడ్డుకు ఎంత తీసుకుంటాడు అన్నది ఇప్పుడే అడగండి. చిన్న ఊళ్లలో బ్రాండు పేరు కన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక ఫిట్టింగ్ సంగతి. విడిగా నగదు ఇవ్వమనడం నాకు అస్సలు నచ్చలేదు. మామూలు ఇంటి హీటర్ ట్యాంకు ప్రెజర్‌ను తట్టుకునేలా చేసింది కాదు. దాని మీద గాలి గొట్టం తెరిచి ఉండాలి, అది చల్లనీళ్ల ట్యాంకులో నీటి మట్టం కన్నా పైకి లేచి ఉండాలి. ఫిట్టరు దాన్ని మూసేసినా, హీటరు లైనుకు ప్రెజర్ పంపు తగిలించినా ట్యాంకు ఉబ్బి అతుకు దగ్గర కారుతుంది. అప్పుడు కంపెనీ ఫిట్టింగ్ తప్పంటుంది, ఫిట్టరు ట్యాంకే నాసిరకమంటాడు. వాడికి నగదు ఇచ్చారు కాబట్టి వాడెవరో ఏ కాగితంలోనూ ఉండదు. ఫిట్టింగ్ చార్జీ కూడా హీటరు బిల్లులోనే వేయించండి. అప్పుడు డీలరు ఆ పనికి జవాబుదారీ అవుతాడు, అది సేవాలోపం కిందికి వస్తుంది.

కొటేషన్ మీద ఈ మాటలు డీలరు చేత్తో రాసి, సంతకం, ముద్ర వేయాలి: “ఫలానా తేదీ ల్యాబ్ రిపోర్టులోని బోరు నీటికి ఈ వారంటీ వర్తిస్తుంది. కంపెనీ అనుమతి ఉన్న ఫిట్టరుతో మేమే బిగిస్తాం. వారంటీ బిగించిన తేదీ నుంచి మొదలవుతుంది. వారంటీలో ట్యాంకు మారిస్తే రవాణా, కూలీ మావే.” చివరిది ఒప్పుకోకపోవచ్చు, బేరమాడండి. మొదటి రెండూ ఒప్పుకోని డీలరు దగ్గర మాత్రం కొనకండి. సామాను వచ్చాక ట్యాంకు మీది ప్లేటు ఫొటో తీసి, సీరియల్ నంబరు బిల్లుతో సరిపోయిందో చూడండి. ఐఎస్ఐ మార్కు ఉందని చెబితే దాని కింద CM/L నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి లైసెన్సో తెలుస్తుంది.

బాధ్యత ఎవరిదన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) ప్రకారం, వస్తువు గురించి వ్యాపారి ఏ రూపంలో చెప్పుకున్న ప్రమాణానికైనా అది తగ్గితే లోపమే. కాబట్టి షాపాయన వాట్సాప్‌లో “పదేళ్లు ఢోకా లేదు” అని పెట్టినా పనికొస్తుంది, చెరపకండి. బోరు షరతు అమ్మేటప్పుడు చెప్పకుండా కార్డు చివర్లో ఇచ్చారని వాదించవచ్చు కూడా. కానీ మీరు ఇప్పుడే చదివేశారు, తెలిసి కొన్నారని వాళ్లంటారు. అంత తలనొప్పి ఎందుకు?

తేడా వస్తే ముందు కంపెనీకి, డీలరుకు ఇద్దరికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా కొన్ని కంపెనీలు కదులుతాయి. కదలకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. బిల్లు కింద “పుణె కోర్టుల పరిధి” అని అచ్చు వేసినా భయపడక్కర్లేదు, మీరు ఉండే చోటే కేసు వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. తగాదాకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, “రేపు మాపు” అని తిప్పుతుంటే ఆ గడువు ఆగదు.

కారిన ట్యాంకును మాత్రం పాత ఇనుప సామానుకు వేయకండి, రసీదు లేకుండా కంపెనీ మనిషికీ అప్పగించకండి. లోపం తేల్చడానికి కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపించగలదు, ట్యాంకే లేకపోతే పంపించడానికి ఏమీ ఉండదు.