టైప్-సి హబ్‌తో కలిపిన 4కె మానిటర్ 30 హెర్ట్జ్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌కు రెండు టైప్-సి పోర్టులే ఉన్నాయి, హెచ్‌డీఎంఐ లేదు. 27 అంగుళాల 4కె మానిటర్‌ను మామూలు హబ్ ద్వారా హెచ్‌డీఎంఐతో కలిపితే 30 హెర్ట్జ్ మాత్రమే వస్తోంది, మౌస్ తడబడుతూ కదులుతోంది. ఖరీదైన కేబుల్ కొన్నా మారలేదు. ఇప్పుడు డాకింగ్ స్టేషన్ కొనాలా?

జవాబు:

వెంటనే డాక్ కొనవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఇబ్బంది కేబుల్‌లో లేదు, మానిటర్‌లోనూ ఉండకపోవచ్చు. ల్యాప్‌టాప్‌కూ మానిటర్‌కూ మధ్య ఉన్న హబ్‌లోనే ఉంది. మా ఇంట్లోనూ ఇదే ఏర్పాటుకు ఇదే ఇబ్బంది ఎదురైంది. అది చివరకు టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లే ఒక్క కేబుల్‌తో తీరింది.

ముందుగా మానిటర్‌కు ఎంత సమాచారం కావాలో చూద్దాం. 3840 × 2160 చుక్కల చిత్రాన్ని సెకనుకు 60 సార్లు పంపాలంటే, ఒక్కో చుక్కకు 24 బిట్ల చొప్పున, గీతల మధ్య విరామాలను కూడా కలుపుకుంటే, సెకనుకు దాదాపు 12.8 గిగాబిట్లు కావాలి. 30 సార్లయితే 6.3 గిగాబిట్లు చాలు.

ఇక దారి సంగతి. టైప్-సి పోర్టులో వేగంగా పనిచేసే లేన్లు నాలుగు ఉంటాయి. హబ్‌కు పెన్‌డ్రైవ్‌లు, కార్డ్ రీడర్ వంటివాటి కోసం వేగవంతమైన యూఎస్‌బీ 3 కూడా ఉన్నప్పుడు, అది సాధారణంగా రెండు లేన్లను యూఎస్‌బీకి ఉంచుకొని, మిగిలిన రెండింటినే చిత్రానికి ఇస్తుంది. ఆ చిత్రం హబ్‌కు డిస్‌ప్లేపోర్ట్ రూపంలో చేరి, అక్కడే హెచ్‌డీఎంఐగా మారుతుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఒక్కో లేన్ 5.4 గిగాబిట్లు మోస్తుంది కాని, సంకేతాలను కూర్చే పద్ధతిలో అయిదో వంతు పోగా 4.32 మాత్రమే పనికివస్తుంది. అంటే రెండు లేన్లకు 8.64 గిగాబిట్లు. 12.8 అందులో పట్టదు, 6.3 పడుతుంది, అందుకే మీకు 30 హెర్ట్జ్ మాత్రమే కనిపిస్తోంది. దీనికి తోడు, చౌక హబ్‌లలో చాలావాటి లోపలి మార్పిడి చిప్ హెచ్‌డీఎంఐ 1.4 వరకే పనిచేస్తుంది. దాని పరిమితి కూడా 4కెకు 30 హెర్ట్జే. హబ్ పెట్టె మీద "4కె" అని పెద్ద అక్షరాలతో రాసి, 60 అన్న అంకె ఎక్కడా కనిపించకపోతే, అది 30 హెర్ట్జ్ హబ్ అనే అనుకోండి.

ఖరీదైన కేబుల్ కొన్నా మార్పు రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈ వేగాల దగ్గర హెచ్‌డీఎంఐ కేబుల్ తన సామర్థ్యాన్ని ల్యాప్‌టాప్‌కు చెప్పుకోలేదు. అది బలహీనమైనదైతే తెర మధ్యమధ్యలో ఒక క్షణం నల్లబడుతుంది, లేదా చిత్రంలో మెరుపు చుక్కలు రాలుతాయి. అంతే తప్ప జాబితాలోంచి 60 హెర్ట్జ్ మాయం కాదు. డిస్‌ప్లేపోర్ట్ తీరు వేరు: రెండు చివరలూ ముందుగా సంకేతాలు పంపుకొని ఎంత వేగం నిలుస్తుందో పరీక్షించుకుంటాయి, కేబుల్ బాగా లేకపోతే తామే వేగాన్ని తగ్గించుకుంటాయి. కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ మీద 60 కనిపించకపోతే కేబుల్‌ను అనుమానించవచ్చు. హెచ్‌డీఎంఐ మీద కనిపించకపోతే ముందుగా అనుమానించవలసింది మధ్యలో ఉన్న పెట్టెను.

ఇప్పుడు చేయవలసిన పరీక్ష. విండోస్‌లో `Settings > System > Display > Advanced display` తెరిస్తే, ప్రస్తుతం మానిటర్‌కు వెళ్తున్న రిజల్యూషన్, హెర్ట్జ్, బిట్ల లోతు, రంగుల పద్ధతి కనిపిస్తాయి. రిజల్యూషన్‌ను 2560 × 1440కి తగ్గించి చూడండి. దానికి 60 హెర్ట్జ్ దగ్గర 5.8 గిగాబిట్లే కావాలి కాబట్టి అది హబ్ గుండానే సాధారణంగా వచ్చేస్తుంది. అలా వచ్చి, 4కె దగ్గర మాత్రం 30 వద్ద ఆగితే, ఇరుకు దారే కారణమని తేలినట్టు.

తర్వాత హబ్‌ను పూర్తిగా పక్కన పెట్టి, టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కు వెళ్లే కేబుల్‌ను నేరుగా మానిటర్‌కు కలపండి. రెండు మీటర్లలోపు పొడవున్నది తీసుకోండి. అందులో నాలుగు లేన్లూ చిత్రానికే వెళ్తాయి; పాత 1.2 వేగంలోనే 17.28 గిగాబిట్లు అందుబాటులోకి వస్తాయి కనుక 4కె 60 హెర్ట్జ్ సులువుగా పడుతుంది. మీకు రెండు పోర్టులు ఉన్నాయి కాబట్టి, హబ్‌ను రెండో పోర్టుకు మార్చి, దాని గుండానే చార్జింగ్, మౌస్, కీబోర్డ్ నడుపుకోవచ్చు. నేను ఇప్పటికీ ఇలాగే వాడుతున్నాను. ఒక కేబుల్ తీసి పెట్టే చోట రెండు తీసి పెట్టవలసి వస్తుందన్నది తప్ప దీనిలో నాకు ఏ లోటూ కనిపించలేదు.

నేరుగా కలిపినా 30 దగ్గరే ఉంటే మానిటర్ మెనూలోకి వెళ్లండి. కొన్నింటిలో డిస్‌ప్లేపోర్ట్‌ను 1.1కి పరిమితం చేసే ఎంపిక ఉంటుంది, దాన్ని 1.2కి గానీ 1.4కి గానీ మార్చాలి. అసలు బొమ్మే రాకపోతే, ఆ పోర్టుకు చిత్రం పంపే ఏర్పాటు ఉందో లేదో చూడాలి. మీ హబ్ ఒక పోర్టులో ఇప్పటికే బొమ్మ చూపిస్తోంది కనుక ఆ పోర్టుకు ఉన్నట్టే. రెండో పోర్టుకు కూడా ఉండాలన్న నియమం లేదు. మానిటర్‌కే టైప్-సి ఉంటే నేరుగా టైప్-సి కేబుల్ కూడా వాడవచ్చు, కాని ఫోన్ చార్జర్‌తో వచ్చిన కేబుల్ దీనికి పనికిరాదు. వాటిలో ఎక్కువభాగం యూఎస్‌బీ 2 తీగలతోనే తయారవుతాయి. చిత్రాన్ని మోసే వేగవంతమైన తీగలు లోపల ఉండవు. మా ఇంట్లో అలాంటి కేబుల్‌తో ల్యాప్‌టాప్ చక్కగా చార్జ్ అయింది, తెర మాత్రం చీకటిగానే ఉంది.

అన్నీ ఒకే కేబుల్ మీద నడవాలన్నదే మీ కోరిక అయితే, అప్పుడు డాక్ గురించి ఆలోచించవచ్చు; ఏది కొనాలన్నది ల్యాప్‌టాప్‌ను బట్టి ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండు లేన్లకే 12.96 గిగాబిట్లు వస్తాయి కాబట్టి, అదే వేగాన్ని అందుకునే హబ్ గానీ డాక్ గానీ ఉంటే 4కె 60 హెర్ట్జ్, యూఎస్‌బీ 3 రెండూ కలిసి నడుస్తాయి. అంచులు తాకుతూ అయినా సరే, పడుతుంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌లో ఈ వేగం ఉంది. పోర్టు పక్కన పిడుగు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్ డాక్ అన్నిటికంటే నిశ్చింత, ఎందుకంటే అక్కడ 40 గిగాబిట్ల దారిని చిత్రమూ సమాచారమూ అవసరాన్ని బట్టి పంచుకుంటాయి. ఒక్క మానిటర్ కోసమే అయితే ఆ ధర పెట్టమని నేను చెప్పను.

డిస్‌ప్లేలింక్ డాక్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. అవి చిత్రాన్ని ప్రాసెసర్ సాయంతో కుదించి మామూలు యూఎస్‌బీ సమాచారంగా పంపుతాయి; అందుకు ల్యాప్‌టాప్‌లో వాటి డ్రైవర్ ఉండాలి, కాపీ రక్షణ ఉన్న సినిమాలు కొన్నిసార్లు నల్లని తెరగానే కనిపిస్తాయి. వీటి అసలు ఉపయోగం ఒక్క బయటి మానిటర్‌కే పరిమితమైన ఎం1, ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్ వంటి ల్యాప్‌టాప్‌లకు రెండో తెర కావలసినప్పుడు. మీకు ఉన్నది ఒకే మానిటర్ కాబట్టి ముందుగా ఆ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తెచ్చి చూడండి. ఫలితం రాకపోతే `Advanced display` లో కనిపించే వివరాలనూ ల్యాప్‌టాప్ మోడల్‌నూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.