చక్కెర తక్కువ ఉన్న కప్పు నాది కాదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది భీమవరం, హైదరాబాద్‌లో ఉద్యోగం. అయిదు నెలలుగా ఒకబ్బాయితో ప్రేమలో ఉన్నాను, ఇద్దరం సీరియస్‌గానే ఉన్నాం. ఇన్‌స్టాలో తన ముఖం చూపించకుండా, క్యాప్షన్‌లో చిన్న హింట్ ఇచ్చి ఒక ఫొటో పెట్టాలని ఉంది. సాఫ్ట్ లాంచ్ అంటారు కదా, అది. అడిగితే ‘నీ ఇష్టం’ అన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. కజిన్స్ అంతా నన్ను ఫాలో అవుతారు. చీప్‌గా ఉండకూడదు, అలాగని అంతా బయటపడకూడదు. ఏం పెట్టాలి, ఏం రాయాలి?

జవాబు: హింట్ అంటే పొడుపు కథ లాంటిదమ్మా. వినగానే విప్పాలనిపిస్తుంది. మీ ఆఫీసు స్నేహితురాలు చూసి, నవ్వుకుని ఊరుకుంటుంది. కజిన్ మాత్రం ఫొటో పెద్దది చేసి చూస్తుంది, ఇంకో ఇద్దరికి పంపిస్తుంది, సాయంత్రానికల్లా మీ పెద్దమ్మగారు మీ అమ్మగారికి ఫోన్ చేస్తారు. అప్పుడు ఆవిడని బాధపెట్టేది మీ ప్రేమ కంటే, ఊరందరి తర్వాత తనకి తెలియడం. పైగా సంబంధాలు చూస్తున్నారంటున్నారు. అబ్బాయి తరఫు వాళ్లు ఈ రోజుల్లో ఫొటో, బయోడేటా అందగానే అమ్మాయి ఇన్‌స్టా కూడా వెతుకుతారు. మీ హింట్‌కి మీ నాన్నగారు ఎవరో తెలియనివాళ్ల ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

అందుకని నా సలహా, అమ్మగారికి చెప్పేదాకా అందరికీ కనిపించే పోస్టు వద్దు. అంతలోపు మనసు ఆగకపోతే క్లోజ్ ఫ్రెండ్స్ లిస్టుకి మాత్రమే కనిపించేలా ఒక స్టోరీ పెట్టండి. ఆ లిస్టులో ఎవరెవరున్నారో మీకు తప్ప ఇంకొకరికి తెలియదు, పేరు చేర్చినా తీసేసినా వాళ్లకి కబురు వెళ్లదు. పది పన్నెండు మంది చాలు, రక్తసంబంధం ఉన్నవాళ్లలో మీ రహస్యాలు ఇదివరకు దాచినవాళ్లే ఉండాలి. అయితే స్టోరీని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుంటే మీకు తెలియదు. కాబట్టి బయటికి వెళ్లినా తట్టుకోగలిగిందే అందులో పెట్టండి.

ఇంకో చిన్న విషయం, చాలామంది దొరికిపోయేది ఇక్కడే. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ ఖాతాలు కలిపి ఉంటే, ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయిన సెట్టింగ్ వల్ల ఇక్కడ పెట్టింది అక్కడికీ వెళ్తుంది. ఇన్‌స్టాలో కుర్రాళ్లు ఉంటారు, ఫేస్‌బుక్‌లో మేనత్తలూ బాబాయిలూ ఉంటారు. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఎదురెదురుగా ఉన్న రెండు ప్లేట్ల ఫొటో స్నేహితుల కోసం అనుకుని పెట్టాడు. మొదటి కామెంట్ వాళ్ల మావయ్యది: ‘ఎవర్రా రెండో ప్లేటు?’ పోస్టు చేసే ముందు అది ఎక్కడెక్కడికి వెళ్తోందో ఒకసారి చూసుకోండి.

ఇక ఆ ‘నీ ఇష్టం’ సంగతి. అది ఒప్పుకోవడమో, తప్పించుకోవడమో ఆ మాటని బట్టి చెప్పలేం. సరిగ్గా ఏ ఫొటో, ఏ క్యాప్షన్ అనేది చూపించి మళ్లీ అడగండి. ‘ఇది పెడితే మీ ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందా, తెలిస్తే ఫర్వాలేదా?’ అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది. అతనూ తన ఇంట్లో చెప్పి ఉండకపోవచ్చు. నీళ్లు నమిలితే ఆ ఫొటో ఆపేయండి, కారణం నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

ఫొటోకి నేనైతే ఇరానీ చాయ్ కప్పులు రెండు, మధ్యలో సగం కొరికిన ఉస్మానియా బిస్కెట్ చాలంటాను. చేతులు పట్టుకున్న ఫొటో అందరూ పెడతారు కానీ, ముఖం దాచామనుకుంటారే తప్ప చెయ్యి కూడా ఆనవాలే. అతను రోజూ పెట్టుకునే వాచీ, కడియం, పచ్చబొట్టు చూస్తే ఆఫీసు వాళ్లు క్షణంలో పోలుస్తారు. స్టీలు గ్లాసులో, కళ్లజోడులో, బండి అద్దంలో ప్రతిబింబం పడిందేమో వేళ్లతో పెద్దది చేసి చూడండి. లొకేషన్ పెట్టకండి. అదే రోజు అదే టేబుల్ ఫొటో అతనూ పెట్టకుండా చెప్పుకోండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి కలపడానికి మీ కజిన్‌కి నిమిషం పట్టదు. మొదటి లైకు, మొదటి హార్ట్ కూడా అతనిది కాకుండా ఉంటే మేలు.

క్యాప్షన్ దగ్గర మన భాష మీకు భలే సాయం చేస్తుంది. తెలుగులో క్రియ చివరే ఎంతమందో చెప్పేస్తుంది. ‘చాయ్ తాగాను’ అంటే ఒక్కరే, ‘చాయ్ తాగాం’ అంటే పక్కన ఇంకొకరున్నారు. ఆ ఇంకొకరు ఆడో మగో, స్నేహమో ప్రేమో ఆ మాటలో లేదు. చూసేవాళ్లకి కావలసినంత తెలుస్తుంది, మీరు చెప్పాల్సిన దానికంటే ఒక్క ముక్క ఎక్కువ జారదు. దాని ముందు ‘మేము’ చేర్చకండి, చేర్చగానే జంటగా ప్రకటించినట్టు వినిపిస్తుంది. ‘మనం’ అసలు వద్దు. అది అతనితో మాట్లాడే మాట. అందరి ముందూ రాస్తే అతనికి రాసిన ఉత్తరం వీధిలో చదివినట్టుంటుంది, మీరు చీప్ అంటున్నది సరిగ్గా అదే.

ఇంకొంచెం కావాలంటే ఇద్దరి మధ్యా నిజంగా ఉన్న ఒక చిన్న అలవాటుని తీసుకోండి. అతను చక్కెర తక్కువ తాగుతాడనుకుందాం. ‘చక్కెర తక్కువ ఉన్న కప్పు నాది కాదు’ అని రాసి వదిలేయండి. ఎమోజీ కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్లు నవ్వుతారు, తెలియనివాళ్లకి అది చాయ్ గురించి మాటే. ‘కొత్త అధ్యాయం’ అంటే ఉద్యోగం మారారా, నిశ్చితార్థమా అని అడుగుతారు. ‘నా ప్రపంచం’ అయిదు నెలలకి బరువైన మాట. ‘ఎవరో చెప్పుకోండి చూద్దాం’ అన్నారంటే విచారణకి మీరే పిలిచినట్టు.

చిన్న హింటుతో ఇంకో లాభం ఉంది, చెప్పడానికి కాస్త ఇబ్బందిగా ఉన్నా చెబుతాను. ఒకవేళ ఇది పెళ్లిదాకా వెళ్లకపోతే, చేతుల ఫొటో, పెద్ద మాటల క్యాప్షన్ తీసెయ్యాలి. తీసేశారని మళ్లీ నలుగురూ గమనిస్తారు. కప్పుల ఫొటో అయితే అలా ఉండిపోయినా అది చాయ్ ఫొటోనే.

‘ఎవరూ?’ అని కామెంట్ వస్తే ఏం చెప్పాలో ఇద్దరూ ముందే అనుకోండి. ‘చాయ్ మాత్రం బాగుంది’ అంటే సరిపోతుంది, జవాబివ్వకపోయినా తప్పు లేదు. ‘జస్ట్ ఫ్రెండ్’ అని మాత్రం రాయకండి. అడిగినవాళ్లు ఎలాగూ నమ్మరు, చదివి చిన్నబుచ్చుకునేది అతనే.

అమ్మగారికి ఫోన్‌లో కాకుండా ఈసారి భీమవరం వెళ్లినప్పుడు, ఇంట్లో ఇంకెవరూ లేని పూట చెప్పండి. సంబంధాల మాట అప్పటిదాకా ముందుకి జరగకుండా, ‘నేను వచ్చాక మాట్లాడదాం, ఈలోపు ఎవరికీ మాటివ్వకమ్మా’ అని ఈ రోజే ఒక్క ముక్క చెప్పి ఉంచండి.