పట్టుపోగు తగులుకున్న రోజే అర్థం కావాల్సింది

ప్రశ్న: మా అమ్మాయి నిశ్చితార్థానికి ఒంటిరాయి డైమండ్ ఉంగరం చేయిద్దామనుకుంటున్నాం. ప్రాంగ్, బెజెల్, ఛానెల్ అని మూడు రకాలు చూపించారు. రాయి ఊడిపోకూడదు, ఇంట్లోనే కడుక్కునేలా ఉండాలి, రాయి బాగా కనిపించాలి. ఏది తీసుకోమంటారు?

రోజూ వేలికి ఉండే ఉంగరమైతే బెజెల్, అంటే రాయి చుట్టూ బంగారు రేకు బిగించే కట్టడం చేయించండి. వెనక మాత్రం మూసెయ్యొద్దని గట్టిగా చెప్పండి. ఇది నాకు చేతి మీదకొచ్చి తెలిసిన విషయం, కాబట్టి నా ఉంగరం సంగతే చెబుతాను.

మాది బరంపురం. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే చీరలకు ఫాల్, పికో కుడుతున్నాను. ఇక్కడ తెలుగువాళ్ళింట్లో అయినా ఒడియావాళ్ళింట్లో అయినా పట్టుచీర లేకుండా పెళ్ళి జరగదు. అందుకని నా చెయ్యి రోజంతా పట్టు మీదే ఉంటుంది. మా పెళ్ళయిన పదేళ్ళకు మావారు ఒక ఉంగరం కొన్నారు. 30 సెంట్ల గుండ్రటి డైమండ్, అంటే ఇంచుమించు మినపగింజంత. దాన్ని గోళ్ళలా పట్టుకునే నాలుగు బంగారు కొనలు, ప్రాంగ్ అంటే అదే. మా అత్తగారు 916 బంగారం తప్ప వద్దన్నారు, షాపువాళ్ళు సరేనని 22 క్యారెట్లలోనే చేసిచ్చారు. అక్కడే మొదటి తప్పు జరిగింది. 22 క్యారెట్ల బంగారం మెత్తన. సన్నటి కొనగా చేసి దాని మీద రాయిని నిలబెడితే అది వంగుతుంది, అరుగుతుంది. ప్రాంగ్‌కి 18 క్యారెట్లు, అంటే 750 ముద్ర ఉన్న బంగారమే నయం. ఆ ముక్క షాపులో ఒక్కరూ చెప్పలేదు. ఇచ్చేటప్పుడు లైఫ్‌టైమ్ గ్యారంటీ అన్నారు. తీరా అవసరం పడి కాగితం తీసి చదివితే, వాడకంలో రాయి పడిపోతే తమకు సంబంధం లేదని చివరి లైన్లో ఉంది.

ఏడేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత ఒకరోజు ఒకరి పెళ్ళిచీరకు ఫాల్ కుడుతుంటే కుచ్చిళ్ళ దగ్గర ఒక పోగు ఉంగరానికి తగులుకుంది. చెయ్యి లాగాను, పోగు జానెడు లేచొచ్చింది. దాన్ని సూదితో లోపలికి సర్దడానికి గంట పట్టింది. చీర పాడైందన్న కంగారులో ఉంగరం వైపు చూడనే లేదు. అప్పట్నుంచి వారానికోసారైనా ఏదో ఒక పోగు తగులుకుంటూనే ఉంది. ఉంగరం కొంచెం గరుకైందిలే అనుకున్నాను. అసలు జరిగిందేమిటంటే, ఒక కొన రాయి మీంచి పైకి లేచింది. పోగు పట్టుకున్నది ఆ సందులోనే.

రాయి కదులుతోందేమోనని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూశాను కూడా. చప్పుడు లేదు, బాగానే ఉందనుకున్నాను. ఏడేళ్ళ నూనె, పిండి, పసుపు, సబ్బు జిడ్డు రాయి కింద గట్టిపడి, రాయిని కదలకుండా పట్టుకుని ఉందని నాకు తెలియదు. డైమండ్‌కి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. బంగారం వదిలేసిన రాయిని మురికి మోస్తోందన్నమాట.

తమ్ముడి పెళ్ళి ముందురోజు రాత్రి ఉంగరం మెరవాలని గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి అరగంట నానబెట్టాను. తర్వాత వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, మెత్తటి టూత్‌బ్రష్‌తో అడుగు నుంచి రుద్ది, కుళాయి కింద పెట్టాను. చేతిలోకి తీసుకుని చూస్తే నాలుగు కొనలూ ఉన్నాయి, మధ్యలో రాయి లేదు. కాళ్ళు వణికాయి. మావారు వెంటనే కుళాయి కట్టేసి, బేసిన్ కింద బకెట్ పెట్టి, గిన్నెలా ఉండే ట్రాప్ మర తిప్పి ఊడదీశారు. అందులోని నల్లటి బురదను టీ వడకట్టే జల్లెడలో పోసి నీళ్ళతో జాడిస్తే, జుట్టు ఉండలో చిక్కుకుని దొరికింది. కుళాయి ఇంకాసేపు వదిలేసి ఉంటే ఆ రాయి కాలవలో కలిసిపోయేదే. అందుకే చెబుతున్నాను, ఉంగరం ఎప్పుడు కడిగినా గిన్నెలోనే కడగండి, ఆ నీళ్ళు జల్లెడలోంచే పారబోయండి. కడిగి ఆరబెట్టాక అప్పుడు చెవి దగ్గర తట్టి చూడండి. మురికి పోయాక వచ్చే చప్పుడే నిజం. తర్వాత దూది ఉండను రాయి చుట్టూ మెల్లగా తిప్పండి. ఎక్కడైనా నార చిక్కుకుంటే అక్కడి కొన లేచినట్టే.

పెళ్ళయ్యాక రాయి, ఉంగరం రెండూ పట్టుకుని మా ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. మా అమ్మ పుస్తెలు కూడా ఆయన తండ్రి చేసినవే. పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దం నా కంటికి పెట్టి, "చూడమ్మా, ఈ కొనలు గింజలా గుండ్రంగా ఉండాలి. నీవి కాగితంలా అయిపోయాయి" అన్నారు. నిజంగానే మూడు కొనలు అరిగి పలచబడ్డాయి, నాలుగోది రాయికి వెంట్రుకవాసి దూరంలో నిలబడి ఉంది. నాలుగే ఉన్నప్పుడు ఒకటి వదిలేస్తే రాయి ఆ వైపుకి జారడానికి దారి దొరికినట్టే. ఆరు కొనలుంటే ఒకటి పోయినా మిగతా అయిదూ ఆపుతాయి. రాయి అంచున సన్నటి పెచ్చు లేచిన సంగతి కూడా ఆయనే చూపించారు. డైమండ్ మీద గీత పడదు గానీ అంచుకి దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. కొన లేచాక అంచుకి అడ్డు లేకుండా పోయింది. కుట్టుమిషన్ ఇనుముకి ఎన్నిసార్లు కొట్టుకుందో!

కొనలకు కొత్త బంగారం అతికిస్తానన్నారు. నేను వద్దన్నాను. వేలికి ఎక్కే వలయం అలాగే ఉంచి, రాయి కూర్చునే తల మార్చి బెజెల్ చేయమన్నాను. నేను పక్కనే కూర్చుని చూశాను. రాయి చుట్టుకొలతకు సరిపోయేలా బంగారు రేకు చుట్టి అతికారు. లోపల రాయి కూర్చోవడానికి చిన్న గట్టులా చెక్కారు. రాయి పెట్టాక రేకు అంచుని ముందు తూర్పున నొక్కితే తర్వాత పడమర, ఉత్తరాన నొక్కితే తర్వాత దక్షిణం, అలా ఎదురెదురుగా నొక్కుకుంటూ వచ్చారు. ఒకే వైపు నుంచి చుట్టూ నొక్కుకుంటూ పోతే రాయి పక్కకి ఒరిగి కూర్చుంటుందట. చివర్లో నున్నటి ఉక్కు పనిముట్టుతో అంచంతా రాసి రాయి మీదకి వాల్చారు. ప్రాంగ్‌కి చేటు చేసిన 22 క్యారెట్ల మెత్తదనమే ఇక్కడ పనికొచ్చింది. రేకు చక్కగా వంగి రాయికి హత్తుకుపోయింది. పెచ్చు లేచిన చోటు రేకు కిందకి వెళ్ళిపోయింది, ఇక దానికి దెబ్బ తగలదు.

రాయి ఎంత కనిపిస్తుందని అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ప్రాంగ్‌లో ఉన్నప్పుడు పక్కనుంచి చూసినా రాయి మెరిసేది. ఇప్పుడు పక్కనుంచి బంగారమే కనబడుతుంది. పైనుంచి చూస్తే చుట్టూ సన్నటి గీతంత అంచు రేకు కిందకి పోయింది, అయితే ఆ రేకు మెరుపు కలిసి రాయి కాస్త పెద్దదిగానే అనిపిస్తుంది. పసుపు బంగారం రంగు రాయిలోకి కొంచెం దిగుతుంది. బాగా తెల్లటి రాయి కొని, ఆ తెలుపే కనబడాలనుకుంటే రేకు వరకు తెల్ల బంగారంతో చేయించుకోవచ్చు.

కడగడానికి అన్నిటికన్నా తేలిక ప్రాంగే, అందులో అబద్ధం లేదు. అడుగంతా ఖాళీ, బ్రష్ ఎటునుంచైనా వెళ్తుంది. బెజెల్‌కి పైభాగం గుడ్డతో తుడిస్తే చాలు. కానీ అడుగున కన్నం లేకపోతే లోపలికి పోయిన జిడ్డు బయటికి రాదు, రాయి మసకబారుతుంది. అందుకే వెనక తెరిచి ఉంచమన్నాను. మా మామ్మ దుద్దుల్లాంటి పాతకాలం మూసిన కట్టడం సంగతి వేరు. వాటిలో రాయి కింద మెరుపు కోసం రేకు పెట్టి ఉంటే నీళ్ళు తగలకూడదు. తగిలితే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు అవుతుంది. అలాంటివి పొడిగుడ్డతో తుడవడమే.

ఛానెల్ మీకు అసలు లెక్కలోకి రాదు. అది చిన్న రాళ్ళ వరుసకి. రెండు బంగారు గోడల మధ్య గాడిలో రాళ్ళని పక్కపక్కన కూర్చోబెడతారు. పోగు తగులుకోదు, నున్నగా ఉంటుంది, పైనుంచి చూస్తే రాళ్ళ గీత అందంగానే కనబడుతుంది. రాయగడలో ఉండే మా వదినకి అలాంటి ఉంగరమే ఉంది. కానుపు తర్వాత వేలు లావై ఎక్కడం లేదని ఒక చోట సైజు పెంచమని ఇచ్చింది. వాళ్ళు సాగదీసి ఇచ్చారు. ఉంగరం వంపు మారితే గోడలు ఎడమవుతాయి, గోడలు ఎడమైతే రాళ్ళు వదులవుతాయి. రెండు నెలల్లో మధ్య రాయి పోయింది, దాని పక్కవి రెండూ కదలడం మొదలుపెట్టాయి. పైగా రాళ్ళ మధ్య సందుల్లో శనగపిండి ఇరుక్కుంటే బ్రష్ అందదు. ఛానెల్ కొనేవాళ్ళు వేలు కొలత ఒకటికి రెండుసార్లు, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి చూసుకోవాలి. తర్వాత మార్చడం కష్టం.

ఇప్పుడు మా అమ్మాయికి కూడా సంబంధం కుదిరింది. తనకి ప్రాంగే కావాలంది, రాయి నాలుగు వైపులా మెరవాలట. నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆరు కొనలు, 18 క్యారెట్లు, రాయి మరీ ఎత్తుగా లేవకుండా ఉంగరానికి దగ్గరగా ఉండాలి అన్న మూడు షరతుల మీద ఒప్పుకున్నాను. ఆరు నెలలకోసారి ఆచారి గారి భూతద్దం కింద పెట్టించాలని కూడా మాట తీసుకున్నాను. తను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, చేతికి పట్టు తగలదు, ఇనుము తగలదు. మీ అమ్మాయి రోజంతా చేతులతో ఏం పని చేస్తుందో మీరు రాయలేదు. వంటింట్లో, ఆసుపత్రిలో, లేదా నాలాగా బట్టలతో పనైతే బెజెల్ తప్ప ఇంకోటి చూడొద్దు.