శుక్రవారం డెలివరీ అవ్వదు, క్లయింట్‌కి ఎప్పుడు చెప్పాలి?

"గాజువాకలో ఫర్నిచర్ షాపాయన వెబ్‌సైట్ శుక్రవారం ఇవ్వాలి, పేమెంట్ పార్ట్ అవ్వదు. గురువారం చెప్తే సరిపోద్దా?"

వద్దు బ్రో, ఈరోజే ఫోన్ చెయ్యండి, ఆయన శుక్రవారం ఓపెనింగ్ అని పాంప్లెట్లు కొట్టించే లోపు. ముందు లెక్క చూస్కోండి, శుక్రవారం తర్వాత ఇంకో రెండ్రోజులు పడుతుందనిపిస్తే టెస్టింగ్‌తో కలిపి నాలుగు చెప్పండి, ఆదివారం పోను బుధవారం. రెండోసారి డేట్ జరిపితే ఇంక నమ్మరు, సిరిపురంలో నాకో క్లయింట్ అలాగే పోయాడు. "తప్పు నాదే అండి, టెస్టింగ్‌కి టైమ్ తక్కువ వేశాను, శుక్రవారం కేటలాగ్, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టే బటన్ లైవ్ చేసేస్తాను, ఆన్‌లైన్ పేమెంట్ బుధవారం సాయంత్రానికి" అనండి చాలు. ఫోన్ పెట్టేశాక అదే మెసేజ్ రాసి పంపండి. మంగళవారం ఆయన చేతే ఒక రూపాయి కట్టించి చూపించండి.